నెలవారీ అభయహస్తం

వెబ్‌సైటు కట్టిచ్చిన డెవలపర్ దాన్ని నెలనెలా కనిపెట్టుకుని ఉంటానని రాసిచ్చే ఒప్పందం చాలాసార్లు రెండు పేజీలుంటుంది. మొదటి పేజీ నిండా అభయం, రెండో పేజీ నిండా మినహాయింపులు. యజమాని మొదటిది చదివి సంతకం పెడతాడు. రెండోది సైటు పడిపోయిన రోజున చదువుతాడు.

ఆత్రేయపురం పూతరేకులు ఆన్‌లైన్‌లో అమ్మే ఒకాయన ఉన్నాడనుకుందాం. ఆయన ఒప్పందం ఇదీ: నెలకు 8,000 రూపాయలు, 5 గంటల పని, ‘అత్యవసరమైతే 4 పని గంటల్లో స్పందన’. సంక్రాంతి ముందు శనివారం సాయంత్రం ఏడింటికి పేమెంట్ ప్లగిన్ తనంతట తానే అప్‌డేట్ అయింది. డబ్బు కట్టే పేజీ తెల్లకాగితంలా మిగిలింది. ఆయన ఫోన్ చేశాడు, మెయిల్ పెట్టాడు. ఒప్పందంలో పని వేళలు సోమవారం నుంచి శుక్రవారం దాకా, పది నుంచి ఆరు. అంటే గడియారం తిరగడం మొదలయ్యేది సోమవారం పదింటికి. ఒంటిగంటా యాభైకి జవాబొచ్చింది: ‘మీ ఫిర్యాదు అందింది, పరిశీలిస్తున్నాం.’ హామీ పది నిమిషాల ముందే నెరవేరింది! స్పందిస్తామన్నారు, స్పందించారు. బాగుచేస్తామని ఎవరన్నారు?

ఇక రెండో పేజీ. ‘ఇతరులు రాసిన ప్లగిన్ల వల్ల వచ్చే సమస్యలు మా పరిధిలోకి రావు.’ ఇందులో కొంత న్యాయం లేకపోలేదు. ఎవరో రాసిన కోడ్‌లోని తప్పుకు ఈ డెవలపర్ ఎలా పూచీపడతాడు? కానీ వర్డ్‌ప్రెస్ సైట్లలో బయటపడే భద్రతాలోపాల్లో అత్యధికం ప్లగిన్లవే. అవి పోగా కాపు కాయడానికి మిగిలేదెంత? తప్పు ఎవరిదైనా సరే, ప్లగిన్‌ను పాత వెర్షన్‌కు తిప్పి దుకాణం మళ్లీ తెరవడం మాత్రం ఈయన చేతిలో పనే. ముందుగా నకలు సైటు మీద అప్‌డేట్‌ను పరీక్షించి ఉంటే ఆ అవసరమూ రాకపోను.

‘రోజూ బ్యాకప్ తీస్తాం’ అన్న వాక్యమూ ఉంది. పునరుద్ధరణకు మాత్రం వేరే రుసుము. బ్యాకప్ ఎక్కడుందని అడిగితే సైటున్న సర్వర్‌లోనే ఉందట. సర్వర్ పోతే రెండూ జంటగా పోతాయి. పైగా శుక్రవారం రాత్రి బ్యాకప్‌తో మొత్తం సైటును వెనక్కి తెస్తే శనివారం పగలు వచ్చిన ఆర్డర్లన్నీ డేటాబేసు నుంచి మాయం. వెనక్కి తిప్పాల్సింది ఆ ఒక్క ప్లగిన్‌నే. ఒప్పందంలో అడిగి రాయించుకోవాల్సినవి ఇలాంటివే: తాత్కాలికంగానైనా దుకాణం ఎన్ని గంటల్లో తెరుస్తారు, పండగ వారాల్లో ఫోన్ ఎత్తేదెవరు, బ్యాకప్‌ను చివరిసారి ఎప్పుడు తెరిచి చూశారు. వాటి ధర ఎక్కువే. శనివారం రాత్రి ఎవరో ఒకరు మేలుకుని ఉండాలి మరి.

మంగళవారానికి పేజీ తెరుచుకుంది. నెలాఖరుకు బిల్లొచ్చింది. ప్లగిన్ వెనక్కి తిప్పడం మినహాయింపు కిందికి వచ్చే పని గనుక, 2 గంటల అదనపు రుసుము. ఒప్పందంలోని 5 గంటలు ఈ నెల వాడుకోలేదు గనుక, రద్దు.