నాగార్జున ఇవ్వని ట్రోఫీ

"బిగ్‌బాస్ తెలుగు మొదటి సీజన్ ఫైనల్లో నాగార్జున ట్రోఫీ ఎవరికిచ్చాడు?"

పెళ్లి భోజనాల దగ్గర ఇలాంటి ప్రశ్న విసిరే బావగారు ప్రతి వంశంలోనూ ఒకరుంటారు. పప్పన్నం కలుపుతున్న చురుకైన కుర్రాడెవడో "శివబాలాజీకి!" అని అరుస్తాడు. శివబాలాజీ గెలిచిన మాట నిజమే. సగం తెలిసినవాడు కాబట్టే పాపం చిక్కాడు. ఏమీ తెలియని పెదనాన్నగారు హాయిగా అప్పడం నంజుకుంటున్నారు. 2017లో ఆ సీజన్‌ని నడిపింది జూనియర్ ఎన్టీఆర్, మరుసటేడు నాని. నాగార్జున హోస్ట్‌గా వచ్చింది 2019లో, మూడో సీజన్‌కి.

ప్రశ్న బరువంతా 'ఎవరికి' మీద పెట్టడంలోనే ఉంది బావగారి ప్రతిభ. మనం ఆ ఖాళీ నింపే హడావుడిలో ఉంటాం, అబద్ధం పక్కనుంచి దూరిపోతుంది. అదీ ఏళ్ల తరబడి ఆ షోలో చూస్తున్న నాగార్జున మొహం పెట్టుకుని వస్తే ఎవరాపుతారు?

పట్టుకోవాలంటే 'ఎవరికి' పీకేసి, మిగిలింది మామూలు వాక్యంలా చదవండి: మొదటి సీజన్ ఫైనల్లో నాగార్జున ట్రోఫీ ఇచ్చాడు. ఫైనల్ జరిగిందా? జరిగింది. ట్రోఫీ ఉందా? ఉంది. ఇక మిగిలింది నాగార్జునే. దూరదర్శన్ మహాభారత్‌లో 'సమయం' వేషం వేసినాయనకి మేకప్ ఎంతసేపు పట్టేదని అడిగినా అంతే. తెర మీద తిరిగింది చక్రం, వినిపించింది హరీశ్ భిమానీ గొంతు. మేకప్ దేనికి?

పట్టుకున్నాక "ప్రశ్నే తప్పు" అని ఊరుకుంటే మీకు జవాబు రాక తప్పించుకున్నారని ఊరంతా చెబుతారు బావగారు. తప్పేదో చూపించి, ఆయనకి కావలసింది కూడా చేతిలో పెట్టాలి. "మొదటి సీజన్ హోస్ట్ ఎన్టీఆర్ కదండీ బావగారూ, గెలిచింది శివబాలాజీ. నాగార్జున చేసిన మొదటిదంటారా, అది మూడో సీజన్, గెలిచింది రాహుల్ సిప్లిగంజ్. ఆ ట్రోఫీ కూడా అతిథిగా వచ్చిన చిరంజీవి చేతుల మీదుగానే ఇచ్చారు." అప్పుడాయనకి పెరుగన్నం తప్ప దిక్కుండదు.

అయితే ఈ విద్య అబ్బాక కొందరికి తలకెక్కుతుంది. "చిరంజీవి 'మీలో ఎవరు కోటీశ్వరుడు' ఎప్పుడు చేశాడు?" అని అమాయకంగా అడిగిన మేనకోడలిని, "అది నాగార్జున ప్రోగ్రామ్, నన్నే బుట్టలో వేద్దామనే?" అంటూ గదమాయిస్తారు. మొదటి మూడు సీజన్లూ నాగార్జునవే, కానీ 2017లో నాలుగోది చేసింది చిరంజీవే. కేబీసీని అమితాబ్ కాకుండా ఇంకెవరైనా నడిపారా అంటే అక్కడా కొట్టిపారేస్తారు. 2007లో మూడో సీజన్ నడిపింది షారుఖ్ ఖాన్. చెప్పి చూడండి, "అది యాడ్ అయ్యుంటుంది" అంటారు.