వాక్యాలకు కొలబద్ద, రచయితకు బోను

పేరాలో ఏముందో చదవకుండానే దాని జన్మరహస్యాన్ని తేల్చిచెప్పగల పరిశోధక వర్గమొకటి ఇటీవలి కాలంలో బయలుదేరింది. వరుస వాక్యాలు ఒకే పదంతో మొదలై, వాటి నిడివి కూడా ఇంచుమించు సమానంగా ఉంటే, ఆ పేరాను మనిషి రాయలేదనీ, ఏ పదం తరువాత ఏ పదం రావచ్చునో అంచనా వేస్తూ వాక్యాలు కూర్చే భాషా నమూనా రాసిందనీ ఈ వర్గం తీర్పు చెబుతుంది. చెప్పిన విషయం నిజమా, అబద్ధమా అని విచారించే శ్రమ తప్పడమే ఈ విద్యలోని గొప్ప సౌకర్యం.

పక్షపాతం లేకుండా అమలు చేయదలిస్తే ఈ విద్యను 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీదనే మొదట ప్రయోగించాలి. బ్రిటిష్ రాజు మూడవ జార్జ్ మీద మోపిన అభియోగాలలో పదికి పైగా ‘అతడు’ అనే అర్థమిచ్చే ‘హీ’తోనే మొదలవుతాయి. నేరం వెంట నేరాన్ని పేర్చి, ప్రతి నేరానికీ కర్త ఒక్కడేనని పాఠకుడు మరచిపోకుండా చేయడానికే ప్రకటన ముసాయిదా రాసిన జెఫర్సన్ ఆ పునరుక్తిని ఎంచుకున్నాడని ఇంతకాలం అమాయకులు నమ్ముతూ వచ్చారు. కొత్త శాస్త్రం ప్రకారం మాత్రం ఆ ముసాయిదాను విద్యుద్దీపం కూడా లేని కాలంలో ఏదో కంప్యూటర్ తయారుచేసి ఉండాలి.

ఇక నిడివి సంగతి. వాక్యాల నిడివి సగటు నుంచి ఎంతగా అటూఇటూ చెదిరి ఉందో తెలిపే సంఖ్యను ప్రామాణిక విచలనం అంటారు. అది తక్కువైతే యంత్రరచన, ఎక్కువైతే మానవరచన అన్నది ఈ వర్గం సూత్రం. ఒక పేరాలోని అయిదు వాక్యాలలో వరుసగా 14, 15, 13, 16, 14 పదాలు ఉన్నాయనుకుంటే సగటు 14.4, విచలనం సుమారు 1 కనుక రచయిత యంత్రమని తేలిపోతుంది. అయితే మొదటి రెండు వాక్యాలను కలిపేస్తే నిడివులు 29, 13, 16, 14 అవుతాయి, విచలనం ఒక్కసారిగా 6 దాటుతుంది. తెలుగులో ఈ ప్రాణప్రతిష్ఠ మరీ సులభం: మొదటి వాక్యం చివరనున్న ‘వచ్చాడు’ అనే సమాపక క్రియను ‘వచ్చి’ అనే అసమాపక క్రియగా మార్చి, నడుమనున్న చుక్కను తీసివేస్తే చాలు, భావంలో వెంట్రుకవాసి తేడా లేకుండానే యంత్రం మనిషైపోతుంది. ఒక చుక్క చెరిపితే తలకిందులయ్యే తీర్పును సాక్ష్యంగా స్వీకరించడానికి అపారమైన ధైర్యం కావాలి.

వాక్యం నిడివిని బట్టి కర్తను పట్టుకోవాలన్న ఆశ ఈనాటిది కాదు, దానికి ఎదురైన భంగపాటూ ఈనాటిది కాదు. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1787–88లో ఒకే మారుపేరుతో వెలువడిన ఫెడరలిస్ట్ వ్యాసాలలో పన్నెండింటిని రాసింది హామిల్టనా, మాడిసనా అన్న వివాదం చాలాకాలం నడిచింది. 1941లో ఫ్రెడరిక్ మాస్టెలర్, ఫ్రెడరిక్ విలియమ్స్ అనే పరిశోధకులు ఆ ఇద్దరివీ అని రూఢిగా తెలిసిన వ్యాసాలలో వాక్యాలను ఓపికగా లెక్కించగా, ఒకరి సగటు 34.55 పదాలనీ, రెండవవారిది 34.59 పదాలనీ, ప్రామాణిక విచలనాలు కూడా దాదాపు సమానమేననీ తేలింది. ఆ తరువాత మాస్టెలర్, డేవిడ్ వాలెస్‌తో కలిసి, ‘అపాన్’ వంటి చిన్న చిన్న పదాలను ఎవరు ఎంత తరచుగా వాడారో లెక్కగట్టి, 1964లో ఆ వ్యాసాలు మాడిసన్‌వేనన్న నిర్ణయానికి వచ్చాడు. ఆ పద్ధతికి కూడా అనుమానితులు ఇద్దరేనని ముందే తెలిసి ఉండడం, ఇద్దరి రచనలూ పోల్చడానికి పుష్కలంగా దొరకడం ఆధారాలయ్యాయి. నేటి పరిశోధకులకు అనుమానితుల జాబితా అక్కరలేదు, పోల్చడానికి మరో రచన అక్కరలేదు. అయిదు వాక్యాల పేరా, వేళ్ల మీద లెక్క ఉంటే చాలు.

ప్రత్యేకమైన సూచన ఏదీ ఇవ్వనప్పుడు భాషా నమూనాలు ఒకే కొలత వాక్యాలను తరచుగా పేర్చడం నిజమే కనుక, ఒక విద్యార్థి పాత రచనలకు భిన్నంగా పెద్ద వ్యాసమంతటా ఆ తీరు కనిపిస్తే అతనిని పిలిచి విషయం గురించి నాలుగు ప్రశ్నలు అడగడంలో తప్పులేదు. అయితే అలాగే సమంగా రాయమని పాఠశాలలో నేర్చినవారూ, పరాయి భాషలో తప్పులు దొర్లకుండా పొట్టి వాక్యాలకే కట్టుబడినవారూ ఆ తీరులోనే రాస్తారు. వాక్యాల నిడివి మార్చు, మొదళ్లు మార్చు అని ఒక్క మాట చెబితే యంత్రం ఆ రెండింటినీ క్షణంలో మార్చి ఇస్తుంది కనుక, మోసం చేయదలచినవాడు ఈ పరీక్షలో మొదటి శ్రేణిలో ఉత్తీర్ణుడవుతాడు. తన వాక్యాలను ఎవరైనా కొలుస్తారన్న ఊహ కూడా లేక స్వయంగా రాసుకున్నవాడే ఇందులో దోషిగా తేలుతాడు.