మొలకల చాట్ తింటూ లెక్క తప్పే విధానం

ఒక గుప్పెడు పెసలు, అంటే 40 గ్రాములు, రాత్రి నానబెట్టండి. పొద్దున్నే నీళ్లు వంచేసి తడిగుడ్డలో మూట కట్టండి. మర్నాటికి అర అంగుళం తోకలొస్తాయి. తూకం వేస్తే ఇంచుమించు 100 గ్రాములుంటాయి. సంబరపడండి. పెరిగిందంతా నీళ్లేనన్న సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పకండి.

ఇప్పుడు అసలు విద్య. ప్రోటీన్ కోసం ఎండు పెసల అంకె తీసుకోండి: 100 గ్రాములకు 24 గ్రాములు. కేలరీల కోసం మాత్రం పట్టికలో మొలకల వరుసకు దూకండి: 100 గ్రాములకు 30. ఆ అంకె నిజానికి నాలుగైదు రోజులు పెంచిన పొడవాటి తెల్ల మొలకలది. వాటిలో తొంభై శాతం నీళ్లే, ప్రోటీన్ 3 గ్రాములే. అయితేనేం, రెండింటినీ కలిపి ఒకే గిన్నెకు అంటించండి. గ్రాము ప్రోటీన్‌కు 4 కేలరీలు. ఆ లెక్కన 24 గ్రాముల ప్రోటీనే 96 కేలరీలవుతుంది గదా, 30లో ఎలా ఇమిడిందని ఇంట్లో ఏడో తరగతి పిల్లాడు అడగొచ్చు. వాణ్ణి ఆడుకోమని బయటికి పంపండి.

వాడు వెళ్లాక గుట్టుగా చూసుకోండి: గుప్పెడు పెసల్లో ఏముందో మీ గిన్నెలోనూ అంతే. దాదాపు తొమ్మిదిన్నర గ్రాముల ప్రోటీన్, 140 కేలరీలు. మొలకెత్తేటప్పుడు గింజ కొంచెం పిండిపదార్థం ఖర్చుపెట్టుకుంటుందే తప్ప కొత్తగా ప్రోటీన్ తయారుచేయదు.

ఉల్లిపాయ, టమాటా కొంచెం కొంచెం తరిగి వేయండి. రెండూ కలిపి పాతిక కేలరీలు దాటవు. వాటి గురించి మాత్రం బాగా బెంగపెట్టుకోండి. నిమ్మకాయ పిండండి. పెసల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి అందులోని సి విటమిన్ సాయపడుతుంది. ఈ గిన్నెలో ఏ మోసమూ లేనిది అదొక్కటే.

ఇక కారప్పూస. దీన్ని ముందే వేసి, ఉప్పు చల్లి, బాగా కలిపి, ఫోన్ మాట్లాడటానికి వెళ్లండి. ఉప్పుకు టమాటా నీరు వదులుతుంది. మీరు తిరిగొచ్చేసరికి కారప్పూస మెత్తబడి ఉంటుంది. కరకరలాడని చాట్ ఏం చాట్? ఇంకో గుప్పెడు వేయండి. గుప్పెడుకు 20 గ్రాములు, సుమారు 110 కేలరీలు. రెండు గుప్పిళ్లతో అదే 220. పెసలనూ కూరగాయలనూ కలిపినా అంత లేదు.

“శనగపిండే కదా, అదీ ప్రోటీనే” అనండి. అబద్ధం కాదు, గుప్పెడుకు మూడు గ్రాముల దాకా ఉంటుంది. అదే 110 కేలరీల పెసల్లో ఏడుకు పైనే దొరుకుతుందని మాత్రం అనకండి. వడ్డించే క్షణంలో చెంచాడు చల్లుకుంటే సరిపోయేదని అసలే అనకండి.

చివరగా డైరీలో రాయండి: మొలకలు, 30 కేలరీలు. కారప్పూసకు అందులో గడి లేదు. పైగా రెండో గుప్పెట్లో సగం డబ్బా దగ్గర నిలబడే తిన్నారు.