రూపాయి వడ్డీకి కోటు తొడిగితే

మా బామ్మర్దిది ఆళ్లగడ్డ. రాతిలోంచి దేవుళ్లను తీసే పని. విగ్రహం ముక్కు వెంట్రుకవాసి పక్కకు పోయినా రాత్రి నిద్రపట్టదు. అదే మనిషి, రాయి కోసే మిషనుకు లక్ష రూపాయల లోను కావాలని తిరిగి, రెండు కాగితాలు పట్టుకొని నంద్యాలలో మా ఇంటికొచ్చి, "రెండూ పన్నెండు శాతమే బావా, యాడ తీసుకున్నా ఒకటే" అన్నాడు. చదివి చూశావా అంటే, సంతకం పెట్టే చోటు చూశానన్నాడు.

మొదటి కాగితంలో కిస్తీ 9,333. రెండో దాంట్లో 8,885. రెండింటికీ గడువు పన్నెండు నెలలే. ఒకటే అయితే నెలకు 448 రూపాయలు ఎవరికి నైవేద్యం పెడుతున్నట్టు?

పన్నెండు శాతమనగానే బెదిరిపోతాం గానీ, అది మన ఊళ్ల రూపాయి వడ్డీయే. నూటికి నెలకు రూపాయి. మా అత్త వక్కాకు నములుతూ కట్టేసే లెక్క. దానికి కోటు తొడిగి, నాలుగు గళ్ల పట్టికలో కూర్చోబెట్టేసరికి పెద్దమనిషి అయిపోయింది.

రెండో కాగితం ముందు చూశాం. లక్షకు మొదటి నెల వడ్డీ వెయ్యి. కట్టే 8,885లో అది పోగా 7,885 అసలుకు జమ. బాకీ 92,115. రెండో నెల వడ్డీ ఆ 92,115 మీదే పడాలి, లక్ష మీద కాదు. అంటే 921. మిగిలిన 7,964 అసలుకు పోయి, బాకీ 84,151కి దిగింది. ఇట్లా దిగుతూ దిగుతూ చివరి గడిలో సున్నా వస్తే పట్టిక నిజం చెబుతున్నట్టే. పైసలు సర్దడం వల్ల చివరి కిస్తీ 8,884 అయింది. ఏడాది మొత్తానికి వడ్డీ 6,619.

మొదటి కాగితంలో ప్రతి నెలా వడ్డీ వెయ్యి, అసలు 8,333. పన్నెండు వరుసలూ అచ్చు గుద్దినట్టు అవే. బాకీ గడిలో అంకె తగ్గుతూనే ఉంది, పక్కన వడ్డీ గడికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు! చివరి నెలలో మిగిలిన 8,333 మీద కూడా వెయ్యి వడ్డీ. దీన్నే ఫ్లాట్ రేటు అంటారు. ఏడాదికి వడ్డీ 12,000. తగ్గే బాకీ మీద లెక్కేస్తే నూటికి రూపాయి ఎనభై పైసల దాకా తేలుతుంది. మా అత్త వినగానే, "అంత వడ్డీ గుంజే వాళ్లకు మా కాలంలో ఊళ్లో పేరు వేరే ఉండె" అంది. ఆ పేరు ఇక్కడ రాయడం బాగుండదు.

ఇట్లాంటి తికమక కోసమే రిజర్వు బ్యాంకు 2024 అక్టోబరు 1 నుంచి కొత్త రిటైల్, చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లకు కీలక వివరాల పత్రం ఇవ్వాలంది. ఫీజులన్నీ కలిపిన అసలైన ఏడాది రేటూ, కిస్తీల పట్టికా అందులో ఉండాలి, అదీ అప్పు తీసుకునేవాడికి తెలిసిన భాషలో. మావాడు రెండో చోట లోను తీసుకుంటూ తెలుగు కాగితం అడిగాడు. వాళ్లు వీడిని ఎగాదిగా చూశారట.

నాలుగో కిస్తీ నాటికి బాకీ 67,984. అదే రోజు ఒక నంది విగ్రహం అమ్ముడుపోతే అదనంగా 20,000 కట్టేశాడు. బాకీ 47,984 కావాలి. వచ్చే నెల వడ్డీ 480 పడాలి. వచ్చిన స్టేట్‌మెంటులో 680 ఉంది.

"రెండు వందలే గదా బావా, పోనీలే" అన్నాడు. పోనిస్తే ప్రతి నెలా పోతుంది. దొంగను పట్టే ఉపాయం చాలా తేలిక: రూపాయి వడ్డీ అయితే పడిన వడ్డీని నూరుతో గుణించాలి. 680 ఇంటూ 100, అంటే 68,000. దగ్గర దగ్గర పాత బాకీయే. ఇరవై వేలు వాళ్ల చేతికి చేరింది గానీ అసలు గడికి చేరలేదన్న మాట. రేటు వేరైతే వడ్డీని పన్నెండుతో గుణించి, రేటుతో భాగించి, మళ్లీ నూరుతో గుణిస్తే అదే బయటపడుతుంది. మొదటి నెలకు మాత్రం ఇది పనిచేయకపోవచ్చు. డబ్బు చేతికందిన రోజుకూ మొదటి కిస్తీకీ మధ్య నెల కంటే ఎక్కువ రోజులుంటే, ఆ రోజుల వడ్డీ న్యాయంగానే కలుస్తుంది.

రసీదు జతచేసి లెటరు రాయించాను. కొన్నాళ్లకు సరిచేసిన పట్టిక వచ్చింది. ఐదో నెల వడ్డీ 480. కిస్తీ మార్చలేదు కాబట్టి పన్నెండు నెలల లోను పదో నెలలోనే తీరుతుంది, ఆ చివరి కిస్తీ 5,161 మాత్రమే. నేను మీసం దువ్వుకుంటూ అంతా చదివి వినిపించాను.

మా అత్త వక్కాకు పక్కన పెట్టి అడిగింది: "అంతా బాగుండాది గానీ నాయనా, మన రెండొందలు నెల దినాలు వాళ్ల కాడుండె గదా. దాని వడ్డీ రెండు రూపాయలు ఏ గడిలో రాసినారు?"