టక్ చేసుకుంటే దొరికిపోతాం

మునిగిన కాకి హంసై తేలే చోటని మా హంసలదీవికి పేరు. రొయ్యల మేత కంపెనీలో పనిచేసే నాలాంటి టెక్నీషియన్ మాత్రం ఆ సాగరసంగమంలో ఎన్ని మునకలేసినా అదే కంపెనీ టీషర్టుతో తేలతాడు. ఆ టీషర్టు మార్చుకోవాలన్న కోరిక పుట్టిందా, ఇక దాన్ని దాచడమే పెద్ద ఉద్యోగం.

దివిసీమలో రహస్యం నిలవకపోవడానికి కారణం డీలర్. కోడూరులోనో నాగాయలంకలోనో ఆయన గోడౌన్‌లో మా మేత బస్తాలూ, పోటీ కంపెనీ బస్తాలూ ఒకే గోడకు ఆనుకుని ఉంటాయి. రెండు కంపెనీల వాళ్లమూ ఆయన దగ్గరే టీ తాగుతాం. మనం చెరువు గట్టున ఫోన్లో గుసగుసలాడిన మాట, చెక్ ట్రే పైకి తీసేలోగా ఆయన చెవిన పడుతుంది.

మొదట పట్టించేది బట్టలు. మోకాళ్ల దాకా ప్యాంటు మడిచి తిరిగే మనిషి ఒకరోజు గడ్డం గీసుకుని, చొక్కా టక్ చేసి అవనిగడ్డ బస్టాండ్‌లో కనబడితే, "ఏం బాబూ, పెళ్లిచూపులకా?" అంటారు. అవునన్నామా, సాయంత్రానికి అడిగినాయనే రెండు సంబంధాలు తెస్తాడు. అందుకని ఇస్త్రీ చొక్కా సంచిలో పెట్టుకుని, విజయవాడలో దిగాక మార్చుకోవడం మేలు. ఇంటర్వ్యూ రోజుకు సెలవు పెట్టాలి. హాజరు వేసే యాప్ మనం ఏ చెరువు మీద ఉన్నామో చెబుతుంది కనక, డ్యూటీలో ఉన్నట్టు చూపిస్తూ బెంజి సర్కిల్‌లో ఉండటం కుదరదు. కంపెనీ ఇచ్చిన సిమ్ము, మెయిలు కూడా ఈ పనికి వాడకూడదు.

ఇక లింక్డిన్. అందులో Open to work అని ఒకటుంది. అందరికీ కనబడేలా పెడితే ఫొటో చుట్టూ ఆకుపచ్చ పట్టీ వస్తుంది. అది మేనేజర్ ఇంటి ముందు టముకు వేయించడమే. Recruiters only అని పెడితే మన కంపెనీ హెచ్ఆర్‌కు కనబడకుండా చూస్తామంటారు గానీ, పూర్తి హామీ ఇవ్వమని వాళ్లే రాసుకున్నారు. మన కంపెనీకి మనుషుల్ని వెతికిపెట్టే కన్సల్టెన్సీ కంట పడితే ఆ తెర దేనికి? ప్రొఫైల్ మార్చినప్పుడల్లా పరిచయస్తులకు కబురు పంపే మీట కూడా ముందే ఆపేయాలి. అసలు ఏడాదంతా కొంచెం కొంచెంగా మార్చుకునేవాణ్ణి ఎవరూ అనుమానించరు. మూడేళ్లు పట్టించుకోకుండా ఒక్క రాత్రిలో ఫొటోతో సహా మార్చినవాణ్ణే అనుమానిస్తారు.

మరి నోరు మూసుకుని కూర్చుంటే మనం ఉన్నామని పక్కవాళ్లకు ఎలా తెలుస్తుంది? చేస్తున్న పనినే కాస్త పైకి కనబడేలా చేయాలి. మొన్న పెద్దవాన తర్వాత ఒక చెరువులో చెక్ ట్రేలో మేత అలాగే మిగిలింది. నీరు చల్లబడితే రొయ్య మేత తగ్గిస్తుంది. మబ్బు పట్టి ఆక్సిజన్ కూడా పడిపోయిందంటే, వేసిన మేత అడుక్కు చేరి కుళ్లుతుంది. మేత తగ్గించి, ఏరేటర్లు ఆపకుండా తిప్పించి, ట్రే ఖాళీ అవుతున్న కొద్దీ మళ్లీ పెంచాం. రైతు పేరూ కంపెనీ లెక్కలూ లేకుండా ఈ నాలుగు ముక్కలూ ట్రే ఫొటోతో లింక్డిన్‌లో పెట్టాను. మా మేనేజర్ "మన బ్రాండ్‌కు మంచి పేరు" అని లైక్ కొట్టాడు. అదే పోస్టు చూసి పోటీ కంపెనీ ఏరియా మేనేజర్ ఫోన్ చేశాడు. నేను ఉద్యోగం మాట ఎత్తలేదు, "మీ వైపు వైట్ గట్ ఎలా ఉందండీ?" అన్నాను. ఉద్యోగం మాట ఆయనే ఎత్తాడు. చెక్ ట్రే పనీ ఇదేగా, కొంచెం వేసి, ఎవరు తిన్నారో చూడటం!

ఆ తర్వాతే అసలు గండం. దరఖాస్తులో 'ప్రస్తుత యాజమాన్యాన్ని సంప్రదించవచ్చా' అన్నచోట వద్దని రాసి, పాత కంపెనీ మేనేజర్ నంబరు ఇస్తాం. కాగితం మీద అంతా భద్రమే. కానీ మేత వ్యాపారంలో మనిషి గురించి హెచ్ఆర్‌ను ఎవరడుగుతారు, డీలర్‌ను అడుగుతారు గానీ! అందుకే "ఆఫర్ లెటర్ చేతికొచ్చేదాకా మార్కెట్లో నా పేరు ఎత్తొద్దండీ" అని నోరు తెరిచి చెప్పాలి. చెప్పాను. ఆ ఏరియా మేనేజర్ తల ఊపాడు. ఆఫర్ వచ్చింది, రాజీనామా ఇచ్చాను. నోటీసు రోజుల్లో బాకీల లెక్కలు డీలర్లందరి దగ్గరా సరిచూసి సంతకాలు తీసుకోవాలి. అది తేలితే గానీ రిలీవింగ్ లెటర్ రాదు.

మొదటి సంతకానికి కోడూరు గోడౌన్‌కు వెళ్లి, విషయం ఎలా మొదలుపెట్టాలా అని నసుగుతుంటే, డీలర్ గారు పెన్ను మూత తీస్తూ అన్నారు. "మీరు మంచోరనే చెప్పాలే బాబూ. అయితే కొత్త కంపెనీలో నా క్రెడిట్ లిమిట్ కాస్త పెంచుతారుగా?"