మామిడికాయకు గింజలు

మా పెద్దమ్మ ఆవకాయ కలిపి జాడీ మూత తీస్తే, మూడో ఇంట్లోవాళ్లు అన్నానికి ఎసరు పెట్టుకుంటారు. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్లు. ఏ కొలతా ఎక్కడా రాసిపెట్టలేదు. "చేతికి తెలుస్తుందిరా" అంటుంది. ఆ చేయి ఉండగానే వీడియో తీసి పెట్టాలని డాలస్‌లో ఉన్న మా చెల్లెలు పట్టుబట్టింది. ఆ భారం నా మీద పడింది. కారణం, నాకు కొత్త ఫోన్ ఉంది. వంట రానివాడికి కొత్త గరిటె ఇచ్చినట్టన్నమాట.

మే నెలలో ఒక ఆదివారం తీశాను. నాలుగు పాత టెలిఫోన్ డైరెక్టరీలు పేర్చి వాటి మీద ఫోన్ నిలబెట్టి, ముక్కలు కొట్టడం దగ్గర్నుంచి జాడీకెత్తడం దాకా మొత్తం ఒకే కోణంలో 47 నిమిషాలు. సినిమా అయిపోయిందనుకున్నాను. అసలు అప్పుడే మొదలైందని తర్వాత తెలిసింది.

ఎడిటింగ్‌కి ముందు ఫోన్‌లో ఒక ఉచిత యాప్ దింపాను. మూడు రాత్రులు కూర్చుని కత్తిరించాక, సేవ్ చేయబోతే పెద్దమ్మ నుదుటి మీద కుంకుమబొట్టు కంటే పెద్దగా ఆ యాప్ ముద్ర పడింది. తీసెయ్యాలంటే నెలనెలా కట్టాలట. ఉచితం అన్నది ఎడిటింగ్‌కే గాని, పని పూర్తి చెయ్యడానికి కాదన్నమాట. అప్పట్నుంచి ఏ కొత్త సాఫ్ట్‌వేర్ దింపినా మొదట చేసేది ఒకటే. పది సెకన్ల వీడియో వేసి, రెండు ముక్కలు చేసి, ఎగుమతి చేసి చూస్తాను. ముద్ర పడుతుందా, నాణ్యత తగ్గిస్తుందా, డబ్బు అడుగుతుందా అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది. మూడు రాత్రుల తర్వాత తేలకూడదు.

ఆఫీసులో కుర్రాడొకడు "డావిన్చీ రిజాల్వ్ వెయ్యండి సార్, సినిమావాళ్లే వాడతారు" అన్నాడు. నిజమే. దాని ఉచిత వెర్షన్‌లో ముద్ర ఉండదు, 4కె దాకా ఎగుమతి చేసుకోవచ్చు, రంగులు దిద్దే సౌకర్యం బ్రహ్మాండం. కానీ దానికి మంచి గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్ ఉంటే సుఖం. నా ల్యాప్‌టాప్‌కి ఉన్నది 8 జీబీ, వయసు ఏడేళ్లు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. ఎడ్లబండికి రైలు ఇంజను కట్టింది నేను. ఫ్యాన్ మోత విని మా ఆవిడ వంటింట్లోంచి "మిక్సీ ఎవరు వేశారు?" అని అడిగింది.

చివరికి షాట్‌కట్ దగ్గర ఆగాను. ఇదీ, కేడెన్‌లైవ్ అనే ఇంకొకటీ ఓపెన్ సోర్సువి. పూర్తిగా ఉచితం, ముద్రలుండవు. పాత కంప్యూటర్‌కి వీటిలో ఉన్న వరం ప్రాక్సీ. ప్రతి వీడియోకీ చిన్న సైజు నకలు తయారుచేసి, మనం కోసేది ఆ నకలు మీద చూపిస్తుంది. ఎగుమతి చేసేటప్పుడు మాత్రం అసలు వీడియో తీసుకుంటుంది. షాట్‌కట్‌లో Settings మెనూలో Proxy అన్నచోట ఒక టిక్కు పెడితే చాలు. మిక్సీ ఆగింది.

వీడియో తెరవగానే అది ఒక ప్రశ్న అడిగింది. ఈ ఫైలులో ఫ్రేమ్ రేటు నిలకడగా లేదు, ఎడిటింగ్‌కి అనువుగా మార్చమంటావా అని. బ్యాంకు ఫారాల్లో షరతుల్లాగే చదవకుండా "వద్దు" కొట్టేశాను. ఫోన్ వెలుతురును బట్టి, వేడిని బట్టి సెకనుకు తీసే బొమ్మల సంఖ్యను తనిష్టం వచ్చినట్టు మార్చుకుంటుంది. శబ్దం మాత్రం గడియారంలా నడుస్తుంది. ఫలితంగా మొదట్లో బాగానే ఉన్న పెద్దమ్మ మాట, ఇరవయ్యో నిమిషానికి పెదవుల కంటే వెనకబడింది. అచ్చం అరవ డబ్బింగు సినిమా. వీడియో మొదట్లో కాక చివర్లో మాట, మూతి కలవకపోతే అనుమానించాల్సింది దీన్నే. ఆ ప్రశ్నకు "సరే" అని మళ్లీ మొదటికొచ్చాను.

ఇక కోత. షాట్‌కట్‌లో S నొక్కితే గీత ఉన్నచోట క్లిప్పు రెండవుతుంది. X నొక్కితే ఎంచుకున్న ముక్క పోయి, వెనకున్నదంతా జరిగి ఖాళీ మూసుకుంటుంది. ఈ రెండక్షరాలతోనే తొంభై శాతం పని అయిపోతుంది. నాకా సంగతి తెలియక మొదటి వారమంతా క్లిప్పుల మధ్య నక్షత్రాలు తిప్పడం, పేజీ మడతపెట్టడం, చిత్రాన్ని తలుపులా మూయడం నేర్చుకున్నాను. పెద్దమ్మ ఉప్పు వేస్తుంది, నక్షత్రం తిరుగుతుంది. కారం వేస్తుంది, తలుపు మూసుకుంటుంది. 22 నిమిషాల ఆ కళాఖండం చూసి పెద్దమ్మ "ఒరేయ్, నాకేమైనా చేతబడి చేశార్రా?" అంది.

నక్షత్రాలన్నీ పీకేసి ఈసారి కోయడం మీదే దృష్టి పెట్టాను. పెద్దమ్మ మాట్లాడుతూ మధ్యలో "అదీ... ఏంటంటే... ఆఁ..." అంటుంది. పక్కింటావిడ పిలిస్తే జవాబిస్తుంది. అవన్నీ S, X లతో తీసేశాను. మాట బ్రహ్మాండంగా అతుక్కుంది. బొమ్మే అతుక్కోలేదు. కోసిన ప్రతిచోటా పెద్దమ్మ తల టక్కున పక్కకు జరుగుతుంది. కళ్లజోడు ఉన్నట్టుండి నుదుటి మీదికి ఎక్కుతుంది. దీన్ని జంప్ కట్ అంటారు. ఒకే మనిషిని ఒకే చోటు నుంచి చూపిస్తూ మధ్యలో ముక్క తీసేస్తే కన్ను మోసపోదు, ఉలిక్కిపడుతుంది. అందుకే రెండు షాట్‌ల మధ్య కెమెరా కనీసం 30 డిగ్రీలు పక్కకు జరగాలని, లేదా షాట్ సైజు బాగా మారాలని సినిమావాళ్ల నియమం. నా నాలుగు డైరెక్టరీలు సున్నా డిగ్రీలు జరిగాయి.

"గొదార్డ్ 1960లో 'బ్రెత్‌లెస్' సినిమాలో జంప్ కట్‌లు కావాలనే పెట్టాడు" అని మా ఆవిడకి చెప్పాను.

"ఆయన ఆవకాయ కలపలేదుగా" అంది.

ఈ కుట్లు కనపడకుండా కప్పే గుడ్డే బీ-రోల్. 16 ఎంఎం ఫిల్ము రోజుల్లో నెగటివ్ అతుకులు తెర మీద కనపడకుండా షాట్‌లను ఏ, బీ అని రెండు రీళ్లలో మార్చి మార్చి పేర్చేవారు. ఆ పేరే ఇప్పుడు వేరే అర్థంలో నిలిచింది. మాట్లాడే మనిషి ఏ-రోల్, ఆ మాట నడుస్తుండగా పైన చూపించే మిగతా దృశ్యాలు బీ-రోల్. పని తేలిక. టైమ్‌లైన్‌లో పైన ఇంకో వీడియో ట్రాక్ వేసి, కుట్టు ఉన్నచోట మూడు నాలుగు సెకన్ల ముక్క పెట్టాలి. కింద పెద్దమ్మ మాట ఆగకుండా సాగుతుంది, పైన చెయ్యి కనిపిస్తుంది. కుట్టు దానికింద దాక్కుంటుంది.

పెట్టడానికి నా దగ్గర బీ-రోల్ ఉంటే కదా! చెయ్యి దగ్గర్నుంచి లేదు, ఆవపిండి లేదు, జాడీ లేదు. 47 నిమిషాలూ పెద్దమ్మ నడుం పై భాగమే. అప్పటికి జూలై వచ్చేసింది, పుల్లటి మామిడికాయ బజార్లో లేదు. అప్పుడు నాలోని దర్శకుడు మేల్కొన్నాడు. దోసకాయలు తెచ్చి ముక్కలు కోసి కారం పట్టించి, పెద్దమ్మ చేత కలిపించి దగ్గర్నుంచి తీశాను. ఎర్రగా ఉంటే ఏ కాయైనా ఒకటే కదా.

ఆ షాట్‌లు పెట్టాక వీడియో తొమ్మిది నిమిషాలకు దిగింది. కుట్లన్నీ మాయం. గర్వంగా మా చెల్లెలికి పంపాను. పావుగంటలో ఫోన్.

"అన్నయ్యా, మామిడికాయకు గింజలేంటి?"

అంతటితో ఆగితే బాగుండును. "ఇంకోటి. మొదట్లో పెద్దమ్మ చేతికి ఆకుపచ్చ గాజులున్నాయి. కలిపేటప్పుడు ఎర్రవి. మళ్లీ ఆకుపచ్చవి." బీ-రోల్ కప్పాల్సింది కుట్టును. నాది కుట్టును కప్పి అబద్ధాన్ని బయటపెట్టింది. వేరే రోజు తీస్తే గాజులు, వెలుతురు, చీర, చివరికి కాయ కూడా సాక్ష్యం చెబుతాయి. దోసకాయలు తీసేశాను. మిగిలిన దారి ఒకటే కనిపించింది. 4కెలో తీసిన బొమ్మను కొన్నిచోట్ల దగ్గరికి జరిపి, చేతుల భాగమే కనపడేలా కత్తిరించాను. ఫుల్ హెచ్‌డీలో ఎగుమతి చేస్తే అంత దగ్గరికెళ్లినా మసకబారలేదు. షాట్ సైజు మారింది గనుక కన్ను కూడా ఉలిక్కిపడడం మానేసింది.

ఇక మిగిలింది నడక. ఎక్కడ సాగుతోందో నాకు తెలియలేదు. నేను తీసింది నాకు ముద్దే కదా. మా బావమరిది చేతికిచ్చి, ఆయన ఎప్పుడు వాట్సాప్ తెరుస్తాడో నిమిషాలు రాసుకున్నాను. మూడుసార్లు తెరిచాడు. ముక్కలు తుడవడం, ఉప్పు దంచడం, నూనె పొయ్యడం. మూడూ ఇట్టే అర్థమయ్యేవే, కానీ ఒక్కోటీ నిమిషం పైన ఉన్నాయి. ఒక్కోదాన్ని పది సెకన్లకు తెచ్చాను. దంపుడు చప్పుడు మాత్రం బొమ్మ రాకముందే, ముందు షాట్ మీదే రెండు సెకన్లు వినిపించేలా జరిపాను. దీన్ని జె-కట్ అంటారు. చప్పుడు ముందొస్తే కన్ను దానికోసం ఎదురుచూస్తుంది, కోత తెలియదు.

పొదుపు పిచ్చిలో ఒక తప్పు కూడా చేశాను. పెద్దమ్మ కలిపిన ముక్క నాలుక మీద వేసుకుని, కళ్లు మూసుకుని, నాలుగు సెకన్లు ఏమీ మాట్లాడదు. తర్వాత "ఉప్పు చాలదు" అంటుంది. ఆ నాలుగు సెకన్లూ ఖాళీ అని కోసేశాను. బావమరిది "ఆవిడ రుచి చూడకుండానే ఎలా చెప్పింది?" అన్నాడు. వాల్టర్ మర్చ్ అనే హాలీవుడ్ ఎడిటర్ తన పుస్తకంలో, మంచి కోతకు కావలసిన ఆరు గుణాల్లో సగానికి పైన, 51 శాతం భావానికే ఇచ్చాడు. లయకు ఇచ్చింది 10 శాతమే. నేను పది కోసం యాభై ఒకటి పారేశాను. ఆ నిశ్శబ్దం తిరిగి పెట్టాను. వీడియో మొత్తం మీద ఎవరూ ఫోన్ చూడని చోటు అదే.

ఇప్పుడది ఆరు నిమిషాల పది సెకన్లు. సాఫ్ట్‌వేర్ ఖర్చు సున్నా. దోసకాయల ఖర్చు అరవై రూపాయలు. వాటిని పెద్దమ్మ దోసావకాయగా మార్చేసింది కాబట్టి అదీ నష్టం కాదు.

మీరు కూడా ఇంట్లో ఎవరి చేతి వంటైనా తీయబోతుంటే ఒక్క మాట. జాడీకి వాసెన కట్టకముందే, అదే గాజులు, అదే వెలుతురు ఉండగానే, చేతులొకటి, గిన్నె ఒకటి, మొహం ఒకటి దగ్గర్నుంచి పదేసి సెకన్లు తీసి ఉంచుకోండి. జూలైలో మామిడికాయలు దొరకవు.