హీటర్‌కు రిలే పెట్టేటప్పుడు వినకూడని సలహాలు

"ఎస్ఎస్ఆర్ మీద 25 ఆంపియర్లని రాసుంది కదండీ, మీ హీటర్ లాగేది తొమ్మిదే. హీట్ సింక్ ఎందుకు, ప్లాస్టిక్ డబ్బాలో బిగించేయండి." ఎలక్ట్రికల్ కొట్లో ముందుగా వినపడే సలహా ఇదే. నమ్మకండి. ఆ 25 అనేది మంచి హీట్ సింక్ మీద కూర్చున్నప్పటి లెక్క. ఒంటరిగా ఉంటే సాధారణంగా మూడు నుంచి ఐదు ఆంపియర్లకు మించి తట్టుకోదు.

230 వోల్టుల మీద నడిచే 2000 వాట్ల ఓవెన్ హీటర్ తీసుకోండి. కరెంటు 8.7 ఆంపియర్లు. ఎస్ఎస్ఆర్ ఆన్‌లో ఉన్నంతసేపూ దానిలో సుమారు 1.2 వోల్టులు పడిపోతాయి, అంటే 10 వాట్ల వేడి దానిలోనే పుడుతుంది. వాటుకు 2 డిగ్రీలు పెరిగే హీట్ సింక్ పెడితే, చుట్టూ గాలి 45 డిగ్రీలున్నప్పుడు సింక్ 65 దగ్గర నిలుస్తుంది. అదే సింక్‌ను మూసేసిన డబ్బాలో పెడితే లోపలి గాలే వేడెక్కుతూ పోతుంది. రెక్కలు నిలువుగా, గాలి తగిలేలా బయటికి ఉంచండి. థర్మల్ పేస్ట్ దట్టంగా పూయమనే వాళ్ల మాట కూడా వినకండి. సన్నని పొర చాలు, ఎక్కువైతే వేడి దాటడానికి అదే అడ్డం.

రెండో సలహా ఇంకా ప్రమాదం: "కంట్రోలర్ ఆఫ్ చేస్తే లైన్ చచ్చినట్టే, చెయ్యి పెట్టొచ్చు." ఎస్ఎస్ఆర్‌లో తెగిపడే కాంటాక్టు లేదు. ఆఫ్‌లో ఉన్నా కొన్ని మిల్లీ ఆంపియర్లు లీకవుతూనే ఉంటాయి. హీటర్ కలిపి ఉంటే దాని 26 ఓమ్‌ల మీద 5 మిల్లీ ఆంపియర్లకు వచ్చేది 0.13 వోల్టే, కాయిల్ వెచ్చబడదు. కాయిల్ తెగినా, వైరు విప్పినా అదే టెర్మినల్ దగ్గర మల్టీమీటర్ దాదాపు 230 చూపిస్తుంది. దాన్ని చూసి ఎస్ఎస్ఆర్ పోయిందని మార్చేయకండి. బాగున్న హీటర్ కలిపి మళ్లీ కొలవండి. చెయ్యి పెట్టే ముందు మాత్రం ఫేజు, న్యూట్రల్ రెండూ తెంచే ఎంసీబీ దించి, టెస్టర్‌తో చూసుకోండి.

"అలాగైతే మామూలు రిలే పెట్టేస్తే పోలా" అంటారు. దానికి వేడీ లేదు, లీకేజీ లేదు, నిజమే. కానీ కంట్రోలర్ రెండు సెకన్లకోసారి ఆన్ ఆఫ్ చేస్తుంటే రోజుకు 43,200 సార్లు కొట్టుకుంటుంది. పూర్తి లోడు మీద లక్ష సార్లకు చేసిన రిలే మూడు రోజులు కూడా నిలవదు. మామూలు రిలేతోనే నడపాలంటే సైకిల్ టైమ్‌ను 20 సెకన్లు, ఆపైన పెట్టండి. నిమిషాల తరబడి వేడి నిలిచే పెద్ద ఓవెన్‌కు దానివల్ల నష్టం లేదు.

ఎస్ఎస్ఆర్ పాడైతే ఎక్కువగా షార్టయి, ఆన్‌లోనే ఉండిపోతుంది. దాని మీద లైటు ఆరినా క్లాంప్ మీటర్ 8.7 చూపిస్తోందంటే అదే జరిగింది. అప్పుడు కంట్రోలర్ చేతిలో ఏమీ ఉండదు. అందుకే ఎస్ఎస్ఆర్‌కు వరసలో ఒక కాంటాక్టర్ పెట్టి, దాని కాయిల్‌ను ఓవెన్‌కు తగిలించిన విడి థర్మోస్టాట్ గుండా, వేడి హద్దు దాటితే తెగేలా కలపండి. ఆ థర్మోస్టాట్ మళ్లీ చేత్తో నొక్కితేగానీ కలవని రకమై ఉండాలి.